పిప్‌టాజ్ అరగంటలోనా, 4 గంటల్లోనా, రోజంతానా? ఐసీయూలో ఎంపిక ఎలా చేసుకోవాలి

పిప్‌టాజ్ అంటే పిపరాసిల్లిన్-టాజోబాక్టమ్. 4 గ్రాముల పిపరాసిల్లిన్, అర గ్రాము టాజోబాక్టమ్ ఉండే దీని 4.5 గ్రాముల వయల్‌ను ఐసీయూలో మూడు రకాలుగా ఎక్కించవచ్చు. పాత పద్ధతిలో 100 మి.లీ. సెలైన్‌లో కలిపి అరగంటలో ఇచ్చేస్తాం. రెండోది అదే వయల్‌ను 4 గంటల పాటు నెమ్మదిగా ఇవ్వడం, దీన్నే ఎక్స్‌టెండెడ్ ఇన్‌ఫ్యూజన్ అంటున్నాం. మూడోది పంపు ఆపకుండా 24 గంటలూ ఎక్కించడం. మందు అదే, రోజు మొత్తం మోతాదు కూడా దాదాపు అదే. ఐసీయూలో పనిచేసే జూనియర్ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు ఈ మూడింటిలో ఏది ఎప్పుడు ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను. నా సలహా ముందే చెబుతాను. తీవ్రమైన సెప్సిస్‌తో ఉండి, కిడ్నీలు పనిచేస్తున్న పెద్దవాళ్లకు మొదటి డోసు అరగంటలో ఇచ్చి, ఆ తర్వాతి డోసులన్నీ 4 గంటల పద్ధతిలో ఇవ్వండి. రోజంతా ఇచ్చే పద్ధతిని కొందరికే ఉంచుకోండి. ఎవరికో, ఎందుకో కింద ఉంది.

మందు పెరగదు, సమయం పెరుగుతుంది

నెమ్మదిగా ఇస్తే ఒంట్లోకి మందు ఎక్కువ వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 4 గ్రాముల పిపరాసిల్లిన్ అరగంటలో ఇచ్చినా 4 గంటల్లో ఇచ్చినా రక్తంలో ఉండే మొత్తం మందు, అంటే గ్రాఫ్ కింద వైశాల్యం, ఒకటే. మారేది ఆ గ్రాఫ్ ఆకారం. అరగంటలో ఇస్తే నిటారుగా పైకి లేచి అంతే వేగంగా పడిపోతుంది. 4 గంటల్లో ఇస్తే శిఖరం తక్కువగా ఉంటుంది కానీ వెడల్పు పెరుగుతుంది.

వెడల్పే ఎందుకు కావాలంటే, ఈ మందు పనిచేసే తీరు అలాంటిది. బీటా-లాక్టమ్ మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ఎంజైములకు అతుక్కుని పని ఆపేస్తాయి. మందు గాఢత ఎంఐసీకి నాలుగైదు రెట్లు దాటాక ఇంకా పెంచినా చంపే వేగం పెద్దగా పెరగదు. ఎంఐసీ అంటే ఆ బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత. ఇక రెండో సంగతి, గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా విషయంలో గాఢత ఎంఐసీ కిందికి జారిన కొద్దిసేపటికే అవి మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. అమికాసిన్‌లా మందు వెళ్లిపోయాక కూడా కొన్ని గంటలు పట్టి ఉంచే గుణం దీనికి లేదు. అందుకే ప్రోటీన్లకు అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉన్న మందు, ఒక డోసుకూ తర్వాతి డోసుకూ మధ్య ఎంత శాతం సమయం ఎంఐసీ పైన ఉందన్నదే ఇక్కడ కొలబద్ద. పిపరాసిల్లిన్‌కు ఇది కనీసం 50 శాతం ఉండాలన్నది పాత లక్ష్యం. ఐసీయూ పేషెంట్లకు 100 శాతం దగ్గరికి తీసుకెళ్లాలని ఇప్పుడు చాలామంది నిపుణుల మాట.

పిపరాసిల్లిన్ అర్ధాయువు ఆరోగ్యవంతుల్లో దాదాపు ఒక గంట. అంటే గంటకోసారి గాఢత సగమైపోతుంది. మడికి తూము ఒక్కసారిగా ఎత్తేస్తే నీళ్లు నిలవకుండా మురుగు కాలువలోకి పోతాయి, అదే నీరు సన్నగా వదిలితే నేల తడిగా ఉంటుంది. ఇక్కడ మురుగు కాలువ కిడ్నీ.

ఒక పేషెంటు మీద లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద ఉన్న వ్యక్తికి ఆరో రోజు న్యుమోనియా వచ్చింది. కల్చర్‌లో సూడోమొనాస్ పెరిగింది, పిప్‌టాజ్ ఎంఐసీ 16. కిడ్నీలు బాగున్నాయి. పిపరాసిల్లిన్ గంటకు 15 లీటర్ల చొప్పున శుభ్రమవుతోందని, అది విస్తరించే పరిమాణం 20 లీటర్లని అనుకుందాం. సెప్సిస్‌లో నీరు చేరి ఈ పరిమాణం పెరుగుతుంది కాబట్టి 20 అసాధారణం కాదు. మందులో 30 శాతం ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, మిగతా 70 శాతమే పనిచేసేది.

అరగంటలో ఇస్తే స్వేచ్ఛగా ఉన్న మందు లీటరుకు 117 మి.గ్రా. దాకా వెళ్తుంది. చూడటానికి గొప్ప అంకె. కానీ అది 16 కిందికి దిగడానికి పెద్దగా సమయం పట్టదు, మొత్తం మీద ఎంఐసీ పైన ఉండేది సుమారు 3.1 గంటలు. 8 గంటలకోసారి ఇస్తుంటే అది 39 శాతం. కనీస లక్ష్యమైన 50 కూడా అందలేదు. రోజులో 14 గంటలకు పైగా ఆ బ్యాక్టీరియాను ఆపే మందు లేదన్నమాట.

అదే డోసును 4 గంటల్లో ఇస్తే శిఖరం 44 దగ్గరే ఆగుతుంది. 16 అందుకోవడానికి మొదట అరగంటకు పైగా పడుతుంది, పంపు ఆగాక మళ్లీ 16 కిందికి జారడానికి ఒకటిన్నర గంటకు కాస్త తక్కువ. కలిపితే 4.8 గంటలు, అంటే 60 శాతం. ఒక్క మిల్లీగ్రాము కూడా పెంచకుండా 39 నుంచి 60కి వచ్చాం. డోసును 6 గంటలకోసారి చేసి, ఒక్కోటి 3 గంటల్లో ఇస్తే 71 శాతం. రోజంతా కలిపి 13.5 గ్రాముల వయల్ మందు, అంటే 12 గ్రాముల పిపరాసిల్లిన్ నిరంతరంగా ఇస్తే గాఢత 23 దగ్గర నిలకడగా ఉండి 100 శాతం వస్తుంది.

ఇది ఒకే గది నమూనాతో వేసిన కాగితపు లెక్క. నిజమైన పేషెంట్లో అంకెలు అటూ ఇటూ అవుతాయి. దిశ మాత్రం మారదు.

ఇప్పుడు అదే పేషెంటులో బ్యాక్టీరియా ఎంఐసీ 2 అనుకోండి. అరగంట పద్ధతిలోనే 74 శాతం దగ్గరగా వస్తుంది, కనీస లక్ష్యమైన 50 ఎలాగూ దాటింది కాబట్టి 4 గంటల పద్ధతి అవసరం తగ్గుతుంది. ఎంఐసీ 64 అనుకోండి. 4 గంటల డోసు శిఖరమే 44, అది 64ను ఒక్క నిమిషం కూడా తాకదు. అరగంట పద్ధతిలో కనీసం ఒక గంట తాకుతుంది, అదీ చాలదు. పూర్తిగా రెసిస్టెంట్ అయిన బ్యాక్టీరియాను నెమ్మదిగా ఎక్కించడం వల్ల లొంగదీయలేం. ఈ పద్ధతి బలం మధ్యలో ఉన్న 8, 16 లాంటి ఎంఐసీల దగ్గరే. ల్యాబ్ రిపోర్టులో ఉత్త 'ఎస్' అక్షరం చూసి ఊరుకోవద్దని చెప్పేది ఇందుకే. డిస్క్ పద్ధతిలో ఎంఐసీ అంకె రాదు. ఆటోమేటెడ్ మెషీన్ ఉంటే అంకె అడిగి తీసుకోండి.

ల్యాబ్ ప్రమాణాలే ఈ సంగతిని ఒప్పుకున్నాయి. అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2022లో ఈ-కొలై, క్లెబ్సియెల్లా కుటుంబానికి పిప్‌టాజ్ హద్దులు మార్చింది. 8 లేదా అంతకన్నా తక్కువైతే సెన్సిటివ్. 16 అయితే 'డోసును బట్టి సెన్సిటివ్' అనే ప్రత్యేక తరగతి. అంటే 4.5 గ్రాములు 6 గంటలకోసారి 3 గంటల్లో, లేదా 8 గంటలకోసారి 4 గంటల్లో ఇస్తేనే ఆ మాట చెల్లుతుంది. అరగంటలో ఇస్తూ 16 వచ్చిందని ధైర్యంగా ఉండటం ఆ రిపోర్టును తప్పుగా చదవడమే.

ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయి

ఈ పద్ధతికి పేరు తెచ్చింది 2007లో అమెరికాలోని ఆల్బనీ నుంచి వచ్చిన అధ్యయనం. సూడోమొనాస్ ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిలో, అపాచీ-2 స్కోరు 17 లేదా పైన ఉన్నవారిని చూస్తే, 14 రోజుల్లో మరణాలు 4 గంటల పద్ధతిలో 12.2 శాతం, అరగంట పద్ధతిలో 31.6 శాతం. అంకెలు ఆకర్షణీయమే. కానీ అది పాత కాలపు పేషెంట్లను కొత్త కాలపు పేషెంట్లతో పోల్చిన అధ్యయనం, లాటరీ పద్ధతిలో విడదీసినది కాదు. కాలంతో పాటు మిగతా వైద్యం కూడా మారి ఉంటుంది.

సరైన పరీక్ష 2024లో వచ్చిన బ్లింగ్-3. ఏడు దేశాల ఐసీయూల్లో ఏడు వేలకు పైగా సెప్సిస్ పేషెంట్లను లాటరీ పద్ధతిలో విడదీసి, పిప్‌టాజ్ లేదా మెరోపెనెమ్‌ను నిరంతరంగా, లేదా అరగంట డోసులుగా ఇచ్చారు. 90 రోజుల మరణాలు 24.9, 26.8 శాతం. ఈ తేడా గణాంక హద్దును అందుకోలేదు. క్లినికల్ క్యూర్ మాత్రం 55.7 శాతానికి 50 శాతంగా, నిరంతర పద్ధతి వైపే స్పష్టంగా మొగ్గింది. అదే సమయంలో దీన్ని, మిగతా ట్రయల్స్‌ను కలిపి 9 వేలకు పైగా పేషెంట్లతో చేసిన విశ్లేషణలో మరణాలు కూడా తగ్గాయని తేలింది.

ఒక్కో పేషెంటుకు లాభం చిన్నది, కానీ ఆ లాభానికి అదనపు మందు ఖర్చు లేదు. అరగంటలో ఇచ్చేదే మంచిదని చూపిన పెద్ద ట్రయల్ ఒక్కటీ లేదు. సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలు కూడా 2021లో, మొదటి డోసు వేగంగా ఇచ్చి తర్వాత నెమ్మదిగా ఎక్కించమనే సూచించాయి. ఐసీయూలో తీవ్రంగా ఉన్నవారికి అరగంట పద్ధతిని మామూలు పద్ధతిగా కొనసాగించడానికి నాకు కారణం కనిపించదు.

4 గంటలా, 24 గంటలా?

అసలు ఆలోచించాల్సిన చోటు ఇదే. లెక్కలో 24 గంటల పద్ధతే గెలిచింది. పెద్ద ట్రయల్ కూడా దాని మీదే జరిగింది. అయినా నేను ముందు 4 గంటల పద్ధతినే చెప్పడానికి కారణం మంచం పక్కన ఉండే ఇబ్బందులు.

సెంట్రల్ లైన్‌కు సాధారణంగా మూడు లూమెన్లు. నార్‌అడ్రెనలిన్‌కు ఒకటి, సెడేషన్‌కు ఒకటి పోతే మిగిలింది ఒకటి. పిప్‌టాజ్ రోజంతా అందులో నడిస్తే మిగతా మందులు ఎటు పోవాలి? దీనికి పొంతన కుదరని మందులు చాలా ఉన్నాయి. అమికాసిన్, జెంటామైసిన్‌లతో ఒకే సిరంజిలో కలిస్తే ఆ మందులు పని కోల్పోతాయి. వాంకోమైసిన్‌తో ఒకే లైన్‌లో కలిస్తే గాఢతను బట్టి తెల్లగా విరిగిపోవచ్చు. సోడియం బైకార్బొనేట్ కలపకూడదు. మన దగ్గర దొరికే రకాలన్నీ రింగర్ లాక్టేట్‌తో కుదురుతాయని అనుకోవద్దు, లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప. 4 గంటల పద్ధతిలో ప్రతి డోసు తర్వాత ఆ లూమెన్ 4 గంటలు ఖాళీ. మిగతా యాంటీబయాటిక్స్ ఆ ఖాళీలో ఇవ్వొచ్చు. ఇంకో మాట, నిరంతర పద్ధతిలో స్కాన్‌కో డయాలసిస్‌కో పంపు ఆగితే గాఢత గంటకు సగమైపోతుంది, మళ్లీ నిలకడకు రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

మరి 24 గంటలది ఎవరికి? నా దృష్టిలో ముఖ్యంగా కిడ్నీలు మామూలు కన్నా వేగంగా పనిచేసేవారికి. తలకు దెబ్బ తగిలినవారు, కాలిన గాయాలున్నవారు, సెప్సిస్ వచ్చిన యువకులు. వీళ్లలో క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 130 మి.లీ. దాటిపోతుంది. రిపోర్టులో క్రియాటినిన్ 0.5 అని చూసి 'కిడ్నీ బాగుంది' అని సంతోషించే చోట, మందు పారిపోతోందని అనుమానించాలి. 8 గంటల మూత్రం పట్టి క్లియరెన్స్ కొలిస్తే ఖాయంగా తెలుస్తుంది. పై ఉదాహరణలోనే శుభ్రమయ్యే వేగం గంటకు 20 లీటర్లనుకుంటే, అరగంట పద్ధతి 30 శాతానికి పడిపోతుంది, 4 గంటల పద్ధతి 52 దగ్గర ఊగిసలాడుతుంది. అదే రోజుకు 18 గ్రాముల వయల్ మందు నిరంతరంగా ఇస్తే గాఢత 23 దగ్గర నిలబడి, 16ను రోజంతా దాటి ఉంటుంది. లూమెన్ దొరికితే ఇలాంటి పేషెంటుకు 24 గంటలదే సరైనది. దొరక్కపోతే 6 గంటలకోసారి 3 గంటల్లో.

కిడ్నీలు పాడైన పేషెంటులో వ్యవహారం తిరగబడుతుంది. మందు దానంతట అదే నిలుస్తుంది కాబట్టి నెమ్మదిగా ఇచ్చినందువల్ల లాభం తక్కువ, పోగయ్యే ప్రమాదం ఎక్కువ. కొత్తగా తికమక పడటం, చేతులు కాళ్లు అదరడం, ఫిట్స్ కనిపిస్తే పిప్‌టాజ్‌ను కూడా అనుమానించాలి. క్లియరెన్స్ 20 కన్నా తక్కువైతే 4 గంటల డోసునే 12 గంటలకోసారి ఇస్తారు. అయితే మొదటి రోజే డోసు కోసేయవద్దు. సెప్సిస్‌లో వచ్చిన కిడ్నీ దెబ్బ చాలామందిలో ద్రవాలు, బీపీ సర్దుకున్నాక ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మందు అత్యవసరమైన ఆ గంటల్లోనే తక్కువ ఇచ్చినట్టవుతుంది.

ఎక్కించేటప్పుడు జరిగే పొరపాట్లు

మొదటిది, లోడింగ్ డోసు మానేయడం. 4 గంటలతోనే మొదలుపెడితే 16 దాటడానికి అరగంటకు పైగా పడుతుందని పైన చూశాం, నిరంతర పద్ధతిలో అయితే ఇంకా ఆలస్యం. సెప్టిక్ షాక్‌లో ఆ సమయం పోగొట్టుకోకూడదు. 4.5 గ్రాములు అరగంటలో ఇవ్వండి. నిరంతర పద్ధతైతే అది ముగియగానే పంపు మొదలవ్వాలి. 4 గంటల పద్ధతైతే చాలా ప్రోటోకాల్స్ కాస్త ఆగి మొదలుపెడతాయి. మన లెక్కలో 3 గంటలు దాటగానే గాఢత 16 కిందికి వచ్చింది, కాబట్టి నేను మాత్రం 3 గంటల కన్నా ఆగనివ్వను.

రెండోది ఎవరి కంటికీ కనిపించదు. 100 మి.లీ. బాటిల్‌లో కలిపి మామూలు డ్రిప్ సెట్‌తో ఇస్తే బాటిల్ ఖాళీ అయ్యాక కూడా ట్యూబులో 15 నుంచి 20 మి.లీ. మిగులుతుంది. ఆ సెట్ తీసి పారేస్తే డోసులో ఐదో వంతు దాకా చెత్తబుట్టలోకి పోయినట్టే. 4.5 గ్రాములను 50 మి.లీ. సిరంజిలో చేసి, సన్నని ఎక్స్‌టెన్షన్‌తో సిరంజి పంపులో గంటకు 12.5 మి.లీ. పెడితే నష్టం చాలా తక్కువ. బాటిలే గతైతే, అయిపోయాక కొంచెం సెలైన్‌ను అదే వేగంతో వెనకే పంపండి. ఒక్కసారిగా ఫ్లష్ చేస్తే చివర్లో ఉన్న మందంతా బోలస్ అవుతుంది.

పంపులు చాలని చిన్న ఆసుపత్రుల వాళ్లు 4 గంటల పద్ధతి తమ వల్ల కాదని అనుకోనక్కర్లేదు. మామూలు సెట్‌తో 100 మి.లీ. 4 గంటల్లో ఇవ్వాలంటే నిమిషానికి 8 చుక్కలు, అది నిలవదు. మైక్రోడ్రిప్ సెట్‌తో అయితే నిమిషానికి 25 చుక్కలు, లెక్కపెట్టవచ్చు. పేషెంటు చేయి వంచితే వేగం మారుతుంది కాబట్టి గంటకోసారి చూడాలి.

నిరంతర పద్ధతిలో సిరంజి ఎక్కువసేపు బయట ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో 24 గంటలు నిలకడగా ఉంటుందని లేబుల్ చెప్పేది 20 నుంచి 25 డిగ్రీల గదిలో. ఏసీ సరిగ్గా లేని వార్డులో, మే నెల ఎండల్లో దాన్ని నమ్ముకోవద్దు. రోజు మందునంతా ఒకేసారి కలపకుండా, 13.5 గ్రాములైతే 8 గంటలకో సిరంజి, 18 గ్రాములైతే 6 గంటలకో సిరంజి చేయండి.

ఈ మందే వద్దనాల్సిన చోటు

మన దేశంలో ఈ-కొలై, క్లెబ్సియెల్లాల్లో ఈఎస్‌బీఎల్ ఎంజైము చాలా సాధారణం. రక్తంలో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ బ్యాక్టీరియా పెరిగితే, ల్యాబ్ పిప్‌టాజ్‌కు 'ఎస్' అని ఇచ్చినా నేను దాన్ని ఎంచుకోను. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో ఇలాంటి పేషెంట్లలో 30 రోజుల మరణాలు పిప్‌టాజ్‌తో 12.3 శాతం, మెరోపెనెమ్‌తో 3.7 శాతం. అందులో పిప్‌టాజ్‌ను అరగంట పద్ధతిలోనే ఇచ్చారు, నెమ్మదిగా ఇచ్చి ఉంటే ఫలితం మారేదేమో అని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిజం కావచ్చు. కానీ టాజోబాక్టమ్‌కు కూడా ఒక శక్తి హద్దు ఉంది, ఎంజైము ఎక్కువ తయారవుతుంటే అది చాలదు. కార్బాపెనమేజ్ ఉన్న వాటి దగ్గర అసలు మాటే లేదు.

కాబట్టి మన ఉదాహరణ పేషెంటు కేస్ షీటులో ఇలా రాస్తాను: పిప్‌టాజ్ 4.5 గ్రాములు అరగంటలో, ఇప్పుడే. 3 గంటల తర్వాత నుంచి 4.5 గ్రాములు 50 మి.లీ. సెలైన్‌లో, గంటకు 12.5 మి.లీ., 4 గంటలు, ప్రతి 8 గంటలకు, విడి లూమెన్‌లో. రోజూ క్రియాటినిన్, మూత్రం లెక్క. మూత్రంతో కొలిచిన క్లియరెన్స్ 130 దాటితే రోజుకు 18 గ్రాముల నిరంతర పద్ధతికి మార్చాలి. కల్చర్ ఎంఐసీ 32 గానీ పైన గానీ వస్తే వేగం మార్చడం కాదు, మందే మార్చాలి.